‘నెమ్మదిగా చూసుకుందాం’ అన్నది ప్రణాళిక కాదు

ప్రసూతి సెలవు ముగించుకుని ఆరు నెలల తర్వాత ఆఫీసుకు రాబోయే ఉద్యోగినికి మన హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మేనేజర్ పంపే మెయిల్ మూడు వాక్యాలు దాటడం నేను అరుదుగా చూశాను. ‘వెల్‌కమ్ బ్యాక్! కంగారేం లేదు, నెమ్మదిగా చూసుకుందాం. సోమవారం స్టాండప్‌లో కలుద్దాం.’ చివర ఒక నవ్వు బొమ్మ. చదివినవాళ్లకు ఇందులో తప్పేమీ కనిపించదు. పదేళ్ల కిందట నాకు వచ్చిన మెయిల్ కూడా ఇదే. దాన్ని నేను చూసింది మాత్రం ఆఫీసులో చేరిన మూడో రోజున. ఎందుకంటే అది నా ఆఫీసు మెయిల్‌కే వచ్చింది, ఆ మెయిల్ తెరవడానికి కావలసిన పాస్‌వర్డ్ గడువు నేను పుట్టింట్లో ఉండగానే తీరిపోయింది.

తిరిగొచ్చే తల్లి విషయంలో మన ఆఫీసుల్లో రెండు మాటలు చలామణీలో ఉన్నాయి. మొదటిది కాస్త కటువైనది: చట్టం 26 వారాలు ఇవ్వమంది, ఇచ్చాం, జీతం కూడా ఇచ్చాం, వచ్చిన రోజు నుంచి అందరితో పాటే పని చేయాలి, మళ్లీ ప్రత్యేకంగా ప్లాన్ ఎందుకు? రెండోది మెత్తనిది: పాపం చంటిబిడ్డ తల్లి, కొన్నాళ్లు తేలిక పని ఇద్దాం, తనే మెల్లగా కుదురుకుంటుంది. ఈ రెండూ ఎదురుబొదురు వాదాలని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం ఇవి ఒకే పొరపాటుకు రెండు ముఖాలుగా కనిపిస్తాయి. క్రమంగా పనిలోకి తేవడమంటే తల్లి నీరసానికి ఇచ్చే రాయితీ అని ఇద్దరూ నమ్ముతున్నారు. ఒకరు ఆ రాయితీ ఇవ్వనంటారు, మరొకరు ధారాళంగా ఇస్తామంటారు. అసలు లెక్క వేరే ఉంది. ఆ ఆరు నెలల్లో ఆమె కుర్చీలోంచి పని లేచి వేరే కుర్చీల్లోకి వెళ్లి కూర్చుంది. ఏ పని ఎవరి దగ్గరకు వెళ్లింది, ఏ తేదీన తిరిగి వస్తుంది అన్నది రాసిపెట్టేదే ప్రణాళిక. తల్లి ఎంత ఓపికగా ఉన్నా, ఎంత నీరసంగా ఉన్నా దాని అవసరం తీరదు.

నేను దగ్గరగా చూసిన ఒక సంగతి చెబుతాను, మనుషులను గుర్తుపట్టకుండా కాస్త మార్చి. ఆరోగ్య బీమా క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్ చూసుకునే పన్నెండు మంది టీమ్. ఆమె అందులో టెస్ట్ లీడ్. చేతిలో నాలుగు పనులుండేవి. నెలనెలా రిలీజ్‌కు ముందు ‘వెళ్లొచ్చు’ అని ఆఖరి మాట చెప్పడం. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికా క్లయింట్‌తో కాల్. ఇద్దరు జూనియర్ల పని సరిచూడడం. ఆటోమేషన్ స్క్రిప్టుల బాధ్యత. ఇవి కాక నెలకో వారాంతం ఆన్‌కాల్. సెలవుకు వెళ్లే ముందు ఆమె రెండు వారాలు కూర్చుని ఒక కుర్రాడికి కేటీ ఇచ్చింది. అతను బాగానే చేశాడు. మొదటి రెండు నెలలూ క్లయింట్ అతనికి రాసే మెయిల్‌లో ఆమె పేరు కూడా సీసీలో ఉండేది. మూడో నెలకల్లా అదీ పోయింది.

ఆమె తిరిగొచ్చింది. మంచి మేనేజర్, నెమ్మదిగా చూసుకుందామన్నాడు. రిలీజ్ మధ్యలో ఉంది కాబట్టి ఆఖరి మాట కుర్రాడి దగ్గరే ఉండనిచ్చాడు. రాత్రి కాల్ ఇబ్బంది కదా, అదీ అతనికే. జూనియర్లు అప్పటికే అతని దగ్గర అలవాటు పడ్డారు. ఆమెకు పాత టెస్ట్ కేసులు శుభ్రం చేసే పని, డాక్యుమెంట్లు సరిదిద్దే పని ఇచ్చాడు. ఎవరూ ఏమీ లాక్కోలేదు, ఎవరి మనసులోనూ చెడు లేదు. మూడు నెలల తర్వాత అప్రైజల్‌లో ‘ఈ మధ్య మీరు చేసిన ముఖ్యమైన పనులేమిటి’ అన్న గడి దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. రేటింగ్ తగ్గింది. మరో రెండు నెలలకు రాజీనామా పెట్టింది. ‘పిల్ల పుట్టాక తనకి పని మీద ఆసక్తి తగ్గింది’ అని టీమ్ మొత్తం తేల్చేసింది. ముందు పోయింది ఏది? పనా, ఆసక్తా? నాకు తెలిసినంతలో పని పోయాకే ఆసక్తి పోయింది.

కాబట్టి మెత్తని వాదానికి నా మొదటి జవాబు ఇది: తగ్గించాల్సింది గంటల్ని, పని స్థాయిని కాదు. వారానికి ఇరవై గంటలే చేయనివ్వండి, కానీ ఆ ఇరవై గంటల్లో ఆమె పాత పనిలో ఒక ముక్క పూర్తిగా ఆమె చేతిలో ఉండాలి. నలభై గంటల పాటు ఎవరికీ అక్కర్లేని పని చేయించడం కన్నా అది నయం. తేలిక పని అన్నది విన్నప్పుడు ఆదరణలా ఉంటుంది, రేటింగ్ కాగితం మీదికి వచ్చేసరికి ఖాళీగా తేలుతుంది.

ఇక కటువైన వాదం. ‘ఆరు నెలలు విశ్రాంతి తీసుకుంది కదా’ అంటారు. ఆ ఆరు నెలల్లో ఏ బాలింత విశ్రాంతి తీసుకుందో ఇంట్లో అమ్మనడిగితే చెబుతుంది, ఆ మాట వదిలేద్దాం. కూడిక తీసివేత చూద్దాం. 26 వారాల్లో ఎనిమిది వారాల వరకు ప్రసవానికి ముందే తీసుకోవచ్చు. నాలుగు వారాల ముందు సెలవు మొదలుపెట్టిందనుకోండి. ఆఫీసులో అడుగుపెట్టే రోజుకు బిడ్డ వయసు 22 వారాలు, అంటే ఐదు నెలలు. అన్నప్రాసన కూడా కాలేదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ పెట్టవద్దని డాక్టర్లు చెబుతారు. సరిగ్గా ఆ నెల మిగిలి ఉండగానే ఆమె మియాపూర్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు బయలుదేరుతోంది. పుట్టింటి నుంచి బిడ్డతో వచ్చి వారం అయి ఉంటుంది. బిడ్డను చూసుకోవడానికి వచ్చిన అమ్మకో అత్తగారికో ఈ ఊళ్లో పాలప్యాకెట్ ఎక్కడ దొరుకుతుందో కూడా ఇంకా తెలిసి ఉండదు.

రానూపోనూ ప్రయాణంతో కలిపి ఆమె పదకొండు గంటలు ఇంటికి దూరంగా ఉంటుంది. ఆ వయసు బిడ్డ సుమారుగా మూడు గంటలకోసారి తాగుతుంది. అంటే ఆఫీసులో ఆమె మూడుసార్లు పాలు పిండి నిల్వ చేయాలి. పంపు బిగించడం, పిండడం, కడగడం, ఫ్రిజ్‌లో పెట్టడం కలిపి ప్రతిసారీ అరగంట. ఒక మీటింగ్ సాగిపోయి ఒకసారి తప్పితే రొమ్ములు గట్టిపడి నొప్పి పుడుతుంది. పదేపదే తప్పితే పాలు తగ్గిపోవచ్చు, వాపు వచ్చి జ్వరం కూడా తగలవచ్చు. మధ్యాహ్నం నాలుగు గంటల కాల్‌లో కెమెరా ఆపేసి కూర్చున్న మనిషిని చూసి శ్రద్ధ లేదనుకునే మేనేజర్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

ఇక్కడ చట్టం మౌనంగా ఏమీ లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో సవరణ వచ్చి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అప్పటికే ఇద్దరు లేదా అంతకు ఎక్కువమంది పిల్లలు ఉన్నవారికి మాత్రం 12 వారాలే. మన మేనేజర్లకు ఈ అంకె ఒక్కటే గుర్తు. అదే చట్టం బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా, మామూలు విరామం కాక, రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇవ్వాలంటుంది. వాటికి జీతం కోయకూడదంటుంది. యాభై మంది లేదా అంతకు పైగా పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లొచ్చని చెబుతుంది. పని స్వభావం అనుమతిస్తే, సెలవు తర్వాత ఇద్దరూ ఒప్పుకున్న షరతులతో ఇంటి నుంచి పని చేయవచ్చంటుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోకి ఇవన్నీ చేరాయి. అంటే 26 వారాలతో సంగతి తేలిపోయిందన్న వాళ్లు చట్టంలో ఒక పేజీ చదివి పుస్తకం మూసేసినట్టే. తిరిగొచ్చిన తర్వాతి కాలం గురించి కూడా చట్టం మాట్లాడింది. కాకపోతే క్రమంగా గంటలు పెంచే ప్లాన్ ఇవ్వాలని అది ఎవరినీ నిర్బంధించలేదు. అది యాజమాన్యం నిర్ణయం. నా వాదన కూడా యాజమాన్యంతోనే.

ప్రపంచంలో ఎవరూ చేయనిదేమీ కాదిది. వొడాఫోన్ 2015లో తన అన్ని దేశాల ఉద్యోగినులకూ ఒక పద్ధతి ప్రకటించింది: సెలవు నుంచి వచ్చాక మొదటి ఆరు నెలలు వారానికి 30 గంటల పని, పూర్తి జీతం. నేను అంత కూడా అడగడం లేదు. ఎనిమిది వారాల ప్లాన్ అడుగుతున్నాను.

ఆ టెస్ట్ లీడ్ కథ అయ్యాక రెండేళ్లకు అదే స్థితిలో మరొకావిడ సెలవు నుంచి రాబోతుంటే మెయిల్ రాయాల్సిన వంతు నాకొచ్చింది. ఆమె రావడానికి నాలుగు వారాల ముందు, ఆమె సొంత మెయిల్‌కు పంపాను. అంతకు ముందు ఫోన్ చేసి, ఏది కుదురుతుందో ఏది కుదరదో పావుగంట అడిగి తెలుసుకున్నాను. మెయిల్ వెళ్లింది ఇంగ్లీషులోనే. తెలుగులో దాని సారం ఇది.

‘నమస్తే. జూన్ 2, సోమవారం మీరు తిరిగి చేరుతున్నారు. ఇది సమాచారం కోసమే. చేరేదాకా మీరు చేయాల్సిన పనేమీ లేదు. మీ లాగిన్, గేటు కార్డు మే 30 కల్లా పనిచేసేలా చూసే బాధ్యత నాది. మొదటి రెండు వారాలు వారానికి 20 గంటలు, మూడు నాలుగు వారాల్లో 28, ఐదు ఆరుల్లో 34, ఏడో వారం నుంచి 40. జీతం మొదటి రోజు నుంచి పూర్తిగా వస్తుంది, మీ సెలవుల ఖాతాలోంచి ఏమీ తీయం. ఆటోమేషన్ స్క్రిప్టులు మొదటి రోజు నుంచే మీవి. జూనియర్ల సమీక్ష మూడో వారం నుంచి. క్లయింట్ కాల్ ఐదో వారం నుంచి. దాన్ని సాయంత్రం ఆరున్నరకు జరపమని క్లయింట్‌ను అడిగాను, ఒప్పుకున్నారు. జూలై రిలీజ్‌కు ఆఖరి మాట మీదే. ఆన్‌కాల్ తొమ్మిదో వారం దాకా లేదు. రోజుకు మూడుసార్లు అరగంట చొప్పున మీ క్యాలెండర్‌లో బ్లాక్ చేశాను, వేళలు మీరే మార్చుకోండి. గది మూడో అంతస్తులో ఉంది, లోపల గడియ, ఫ్రిజ్ ఉన్నాయి, తాళం మీకే ఇస్తాం. అప్రైజల్‌లో మీరు పనిచేసిన నెలలనే లెక్కిస్తాం. రెండో వారం, ఐదో వారం శుక్రవారాల్లో కూర్చుని ఇది సరిగ్గా ఉందో లేదో చూద్దాం. గంటలు పెంచాలన్నా తగ్గించాలన్నా మీ మాటే. ఈ మెయిల్ మీ బదులు పని చూస్తున్న సహోద్యోగికీ పంపుతున్నాను, అతని తేదీలూ ఇందులోనే ఉన్నాయి.’

ఇందులో మూడు వాక్యాల గురించి చెప్పాలి. మొదటిది ‘చేయాల్సిన పనేమీ లేదు’. సెలవులో ఉన్న మనిషిని ‘ఒక్క కాల్ ఎక్కండి చాలు’ అని పిలవడం మన దగ్గర మామూలైపోయింది. ప్రసూతి సెలవు కాలంలో పనిచేస్తే ఆ కాలానికి ప్రయోజనం కోల్పోయే నిబంధన చట్టంలో ఉంది. ప్రసవమైన ఆరు వారాల్లో ఆమె చేత పని చేయించనే కూడదు. బ్రిటన్‌లో సెలవు మధ్యలో పది రోజుల వరకు ఇద్దరూ ఒప్పుకుని పనికి వచ్చే వెసులుబాటు ఉంది. మన చట్టంలో అలాంటిది లేదు. కాబట్టి ముందుగా పంపే మెయిల్‌లో సమాచారం ఉండాలి, పని ఉండకూడదు.

రెండోది జీతం వాక్యం. నేను చూసిన ప్లాన్లలో ఎక్కువగా విరిగింది ఇక్కడే. గంటలు తగ్గిస్తాం అని నోటితో చెబుతారు, జీతం మాట ఎత్తరు. నెలాఖరున మిగిలిన గంటలు సెలవుల ఖాతాలోంచి పోయాయని స్లిప్పు చూసి తెలుస్తుంది. పూర్తి జీతం ఇవ్వలేని చిన్న కంపెనీ ఉంటుంది, కాదనను. అలాంటప్పుడు గంటలకు తగ్గ జీతమేనని ముందే రాయండి. అప్పుడు ఆమె ఆరు వారాలు కావాలో నాలుగు చాలో తనే లెక్క చూసుకుంటుంది.

మూడోది, అందరూ వదిలేసేది, ఆమె బదులు పని చూస్తున్న కుర్రాడి సంగతి. ఆరు నెలలు అదనంగా మోశాడు, నేర్చుకున్నాడు, క్లయింట్ దగ్గర పేరు తెచ్చుకున్నాడు. ఏ రోజు ఏది వదలాలో చెప్పకపోతే అతను ఏదీ వదలడు. అందులో అతని తప్పేమీ లేదు. వదిలాక అతనికి ఏమిస్తారో చెప్పకపోతే ఆమె రాకను నష్టంగా చూస్తాడు. మా ప్లాన్‌లో ఆగస్టు నుంచి మరో మాడ్యూల్ అతనికి సొంతంగా ఇచ్చాం. తేదీలు రాసిన కాగితం ఆమెకు ఎంత రక్షణో అతనికీ అంతే.

ఇప్పుడు ఎదురు ప్రశ్నలు. ‘మిగతా టీమ్ మీద భారం పడదా?’ పడుతుంది. ఎంతో లెక్కిద్దాం. మొదటి రెండు వారాల్లో వారానికి 20 గంటల చొప్పున 40 గంటలు తగ్గాయి. తర్వాత రెండు వారాల్లో 24. ఆ తర్వాత రెండింటిలో 12. మొత్తం 76 గంటలు, అంటే తొమ్మిదిన్నర పని దినాలు. ఇదీ ప్లాన్ ఖరీదు. ఆమె రాజీనామా చేస్తే? మన ఐటీలో చాలాచోట్ల నోటీసు 90 రోజులు. ఆమె స్థానంలో ఎంపికైన మనిషి పాత కంపెనీలో మరో 90 రోజులు ఉండి వస్తాడు. వచ్చాక క్లెయిమ్‌ల నియమాలు నేర్చుకోవడానికి ఒక రిలీజ్ అయినా పడుతుంది. తొమ్మిదిన్నర రోజులను భారమన్నవాళ్లు ఈ నెలలకు ఏ పేరు పెడతారు?

‘కావాలంటే తనే అడగొచ్చు కదా, అడగందే అమ్మైనా పెట్టదు’ అన్నారు ఒక మీటింగ్‌లో. సామెత బాగుంది, సందర్భమే తిరగబడింది. ఇక్కడ అడగాల్సినది అమ్మ. ఏం అడగాలో తెలియాలంటే ఆరు నెలల్లో ఏం మారిందో తెలియాలి. అది తెలిసినది మేనేజర్‌కు. పైగా వచ్చిన వారంలోనే నాకిది కావాలి, అది వద్దు అని అడిగిన మనిషి మీద ఏ ముద్ర పడుతుందో ఆమెకు బాగా తెలుసు. అందుకే మొదటి మాట రాయాల్సింది అధికారం ఉన్నవాళ్లు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఆడవాళ్ల నుంచే వస్తుంది. ‘నాకీ ప్రత్యేక మర్యాదలు వద్దు. మొదటి రోజు నుంచే పూర్తిగా చేస్తాను. ప్లాన్ పెడితే నన్ను తక్కువగా చూస్తారు.’ ఈ భయం నిజమైనదే, నేనూ పడ్డాను. దానికే ‘గంటలు పెంచాలన్నా మీ మాటే’ అన్న వాక్యం. ఇంట్లో అన్నీ కుదిరి మొదటి వారం నుంచే నలభై గంటలు చేస్తానంటే చేయనివ్వాలి. అయినా పనులు తిరిగొచ్చే తేదీలు మాత్రం రాసే ఉండాలి. ఎంత ఉత్సాహంగా వచ్చినా ఆమె కోసం క్లయింట్ కాల్ తనంతట తాను తిరిగి రాదు కదా.

దీనికి హద్దులూ ఉన్నాయి. ఆసుపత్రి వార్డులో నర్సుకు, బట్టల షాపు కౌంటర్‌లో నిలబడే అమ్మాయికి గంటలను ఇలా ముక్కలు చేయడం కష్టం. అక్కడ ప్లాన్ అంటే షిఫ్టుల ఎంపిక: మొదటి రెండు నెలలు రాత్రి డ్యూటీ లేకుండా, ఇంటికి దగ్గరి బ్రాంచి, మారని వేళలు. రూపం వేరు, రాసి చేతికివ్వాల్సిన అవసరం మాత్రం అంతే.

ప్లాన్ దారి తప్పుతోందని తెలుసుకోవడానికి పెద్ద సర్వేలక్కర్లేదు. రెండో వారం శుక్రవారం ఆమె క్యాలెండర్ చూడండి. పాలు పిండే అరగంటల మీద ఎన్ని మీటింగులు వచ్చి కూర్చున్నాయో కనిపిస్తుంది. ఇరవై గంటలని రాసిన వారం ముప్పై అయిందేమో చూడండి. మా ప్లాన్ కూడా మూడో వారంలో తప్పింది. ఎవరో రిలీజ్ కాల్ సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి పెట్టారు, ఆమె మొహమాటానికి ఎక్కింది. రెండు రోజులు జ్వరంతో ఇంట్లో ఉంది. ఆ తర్వాత ఆ అరగంటలు ఆమె క్యాలెండర్‌లోనే కాక టీమ్ క్యాలెండర్‌లోనూ ఎక్కాయి, కారణం రాయకుండా ‘బిజీ’ అని.

ఆమె చేరిన రోజు క్లయింట్ నుంచి వచ్చిన మెయిల్‌లో ‘టు’ గడిలో కుర్రాడి పేరు ఉంది, ఆమె పేరు అసలు లేదు. మూడో వారానికి సీసీలోకి వచ్చింది. ఐదో వారం బుధవారం కాల్ అయ్యాక ఆ కుర్రాడే క్లయింట్‌కు రెండు లైన్లు రాశాడు, ఇకమీదట ఆవిడకే రాయండి అని. మర్నాడు వచ్చిన మెయిల్‌లో ‘టు’లో ఆమె పేరు, సీసీలో అతని పేరు ఉన్నాయి. అతను అలా రాయడానికి కారణం అతని మంచితనం ఒక్కటే కాదు. ఆ తేదీ ఆమె చేరడానికి నాలుగు వారాల ముందే అతని చేతికి అంది ఉంది.